లాడ్జి వైఫైలో లాగిన్ పేజీ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఫోన్ తప్పా, రౌటర్ తప్పా?

లాడ్జి_శీను · శనివారం, రాత్రి 9:12

తిరుపతిలో మా మావయ్య లాడ్జి చూసుకుంటున్నాను. గదులకి వైఫై ఉంది, కనెక్ట్ అవగానే మా లాగిన్ పేజీ రావాలి, గది నంబరు, ఫోన్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, అది కొడితే నెట్ మొదలవుతుంది. మైక్రోటిక్ రౌటర్, దానిలోని హాట్‌స్పాట్ వాడుతున్నాం, పేజీ 10.5.50.1 మీద ఉంటుంది.

సమస్య ఏమిటంటే కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పేజీ అసలు రాదు. వైఫై కనెక్ట్ అయిందని చూపిస్తుంది, ఏ సైటూ తెరుచుకోదు. అదే ఫోన్‌లో సాయంత్రం వస్తుంది, తెల్లారి రాదు. ఐఫోన్ ఉన్నవాళ్ళు ఎవరూ కంప్లైంట్ చేయలేదు. పెట్టి వెళ్ళినతన్ని అడిగితే "ఫోన్లలో తేడా సార్, ఆఫ్ చేసి ఆన్ చేయమనండి" అంటాడు. రిసెప్షన్‌లో కుర్రాడు పొద్దున్నంతా అదే పనిలో ఉంటున్నాడు. దర్శనం టైమ్‌కి వెళ్ళాల్సినవాళ్ళు కౌంటర్ దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడితే ఎవరికి బాగుంటుంది?

కీర్తన_టెక్ · శనివారం, రాత్రి 9:30

ప్రైవేట్ డీఎన్‌ఎస్ బ్రో. ఈ మధ్య అందరూ యాడ్స్ రాకుండా అందులో ఏదో సర్వర్ పేరు పెట్టుకుంటున్నారు. లాగిన్‌కి ముందు మీ రౌటర్ ఆ సర్వర్‌ని చేరనివ్వదు, అందుకే పేజీ రాదు. సెట్టింగ్స్‌లో Private DNS ని Off చేయమని ఒక కాగితం అంటించండి, అయిపోతుంది. మా ఆఫీసు గెస్ట్ వైఫైలో నాకు ఇలాగే పోయింది.

మాస్టారు_విజయనగరం · శనివారం, రాత్రి 9:51

మా ఇంట్లో కూడా ఇదే సమస్య బాబూ. పాస్‌వర్డ్ మారుద్దామని 192.168.1.1 కొడితే పేజీ రావడం లేదు. నెట్ మాత్రం బాగానే వస్తోంది. మీ మైక్రోటిక్ అతని నంబరు ఏమైనా ఉంటే ఇస్తారా?

గుంటూరు_గోపి · శనివారం, రాత్రి 9:58

మాస్టారూ, మీది వేరే సంగతండీ. మీరు అడిగేది మీ రౌటర్ సెట్టింగ్స్ పేజీ, శీను అడిగేది అతిథులకి వచ్చే లాగిన్ పేజీ. మీ రౌటర్ కింద స్టిక్కర్ మీద అడ్రస్ ఉంటుంది చూడండి, చాలా వాటికి 192.168.0.1 కూడా ఉంటుంది.

రౌటర్_రాఘవ · శనివారం, రాత్రి 10:25

కాగితం అంటించే ముందు ఒకటి చెప్పు శీనూ. పేజీ రాని ఫోన్‌లో వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటుందా, లేక మామూలుగా, నెట్ ఉన్నట్టే ఉంటుందా? చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం సమాధానం అక్కడే ఉంది.

ఎందుకంటే లాగిన్ పేజీని మీ రౌటర్ ఫోన్ మీదకి నెట్టలేదు. ఫోనే అడిగి తెలుసుకోవాలి. వైఫైకి తగలగానే ఆండ్రాయిడ్ తనంతట తానే గూగుల్ సర్వర్‌కి ఒక చిన్న పలకరింపు పంపుతుంది. అటునుంచి 204 అనే ఖాళీ జవాబు వస్తే నెట్ ఉందని సరిపెట్టుకుంటుంది. మధ్యలో మీ రౌటర్ పట్టుకుని ఆ జవాబుకి బదులు "ముందు ఈ పేజీకి వెళ్ళు" అని పంపితే, ఓహో ఇక్కడ లాగిన్ ఉందని గ్రహించి Sign in to network నోటిఫికేషన్ చూపిస్తుంది. ఏ జవాబూ రాకపోతే నెట్ లేదని గుర్తు పెడుతుంది. అంటే పేజీ రాకపోవడం రెండు రకాలుగా జరగొచ్చు. ఒకటి, ఫోన్‌కి ఏ జవాబూ అందలేదు. రెండోది, ఫోన్‌కి అసలు గూగుల్ నుంచే సరైన జవాబు అందింది, అందుకని లాగిన్ అవసరం లేదనుకుంది. మొదటిదైతే ఆశ్చర్యార్థకం కనిపిస్తుంది, రెండోదైతే కనిపించదు.

లాడ్జి_శీను · శనివారం, రాత్రి 10:40

ఇప్పుడే 204 గది ఆయన ఫోన్ చూశాను (గది నంబరు నిజంగానే 204, నవ్వొచ్చింది). ఆశ్చర్యార్థకం లేదు. మామూలు వైఫై గుర్తే. కానీ వాట్సాప్ మెసేజ్ వెళ్ళడం లేదు. క్రోమ్‌లో ఏ సైటూ రావడం లేదు. ఒక్క గూగుల్ హోమ్ పేజీ మాత్రం వచ్చింది!! అది ఎలా వచ్చింది మరి?

రౌటర్_రాఘవ · శనివారం, రాత్రి 10:48

దొరికినట్టే ఉంది. లాగిన్ కాకుండా గూగుల్ పేజీ రాకూడదు. రేపు ల్యాప్‌టాప్‌ని ఆ వైఫైకే కలిపి, లాగిన్ చేయకుండా ఇది కొట్టి ఏం వచ్చిందో పెట్టు.

```
curl -i http://connectivitycheck.gstatic.com/generate_204
```

సుజాత_కూకట్‌పల్లి · శనివారం, రాత్రి 11:05

నాదో డౌట్. హాస్టల్ వైఫైలో పేజీ రానప్పుడు మేము ఫేస్‌బుక్కో ఇంకేదో తెరిస్తే అదే లాగిన్‌కి వెళ్తుందని మా సీనియర్లు చెప్పేవాళ్ళు. ఇప్పుడు అలా చేస్తే ఎర్రగా సర్టిఫికెట్ ఎర్రర్ వస్తుంది, లేదంటే తిరుగుతూనే ఉంటుంది. ఆ చిట్కా ఎప్పుడు చచ్చిపోయింది?

రౌటర్_రాఘవ · శనివారం, రాత్రి 11:20

సైట్లన్నీ https కి మారాక చచ్చిపోయింది సుజాతా. http లో వెళ్ళే మాటని మధ్యలో రౌటర్ చదివి, తానే జవాబు ఇవ్వగలదు. https లో ఆ పని కుదరదు, అవతల ఉన్నది నిజంగా ఆ సైటేనా అని బ్రౌజర్ సర్టిఫికెట్ చూస్తుంది, రౌటర్ దగ్గర అది ఉండదు. పైగా ఫేస్‌బుక్ లాంటి వాటిని http లో తెరవనే తెరవొద్దని బ్రౌజర్‌లోనే ముందే రాసి ఉంటుంది, నువ్వు http అని కొట్టినా అది https కే పోతుంది. అందుకే చేత్తో పేజీ రప్పించాలంటే ఇంకా http లోనే ఉండే సైటు కావాలి. http://neverssl.com అనేది సరిగ్గా ఈ పని కోసమే పెట్టారు. అది గుర్తుపెట్టుకో, చాలు.

ఫోన్ చేసే ఆ పలకరింపు కూడా http లో ఉండడానికి కారణం ఇదే. పట్టుబడాలనే దాన్ని తెరిచి పంపుతారు.

డాలస్_వేణు · ఆదివారం, ఉదయం 6:15

ఐఫోన్ వాళ్ళు కంప్లైంట్ చేయలేదంటే ఆశ్చర్యంగా ఉంది, మాకైతే ఇక్కడ ఎయిర్‌పోర్టుల్లో ఐఫోన్‌లోనే ఇబ్బంది. నాకు ఒక ఎయిర్‌పోర్టులో ఎప్పుడూ పేజీ వచ్చేది కాదు. తీరా చూస్తే ఆ వైఫై పేరు పక్కన ఉన్న i నొక్కితే Auto-Login అని ఒక స్విచ్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉంది. ఆన్ చేయగానే వచ్చింది. మీ అతిథుల్లో ఎవరికైనా పనికొస్తుందేమో.

లాడ్జి_శీను · ఆదివారం, ఉదయం 11:02

రాఘవ గారూ, కొట్టాను. 302 వచ్చింది. Location దగ్గర http://10.5.50.1/login అని మొదలై పొడుగ్గా ఏదో ఉంది. అంటే రౌటర్ సరిగ్గానే పట్టుకుంటోంది కదా? అతను చెప్పినట్టు ఫోన్లలోనే తేడా అనుకోవాలా?

కీర్తన_టెక్ · ఆదివారం, ఉదయం 11:10

చెప్పాను కదా, ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని :)

రౌటర్_రాఘవ · ఆదివారం, ఉదయం 11:34

ఆగండి, ఇంకా అయిపోలేదు. ఇప్పుడు రెండోది కొట్టు.

```
curl -i https://www.google.com/generate_204
```

లాడ్జి_శీను · ఆదివారం, ఉదయం 11:41

```
HTTP/2 204
```

అని వచ్చింది. కింద ఇంకో నాలుగైదు లైన్లు. లాగిన్ కాలేదు, ఒట్టు.

రౌటర్_రాఘవ · ఆదివారం, మధ్యాహ్నం 12:20

ఇదే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదువు, "ఒకసారి వస్తుంది ఒకసారి రాదు" అన్నదానికి జవాబు ఇందులోనే ఉంది.

ఆండ్రాయిడ్ ఒక్క పలకరింపుతో ఆగదు. ఏడో వెర్షన్ నుంచి రెండు ఒకేసారి పంపుతుంది. ఒకటి http లో gstatic కి, ఇంకొకటి https లో www.google.com కి. http దారిలో "లాగిన్‌కి వెళ్ళు" అని వస్తే పోర్టల్ ఉన్నట్టు, https దారిలో నికార్సయిన 204 వస్తే నెట్ ఉన్నట్టు. ఈ రెండిట్లో ఏది ముందు తేలితే దాని మాటే చెల్లుతుంది, రెండోదాని కోసం ఆగదు.

మామూలుగా పెట్టిన పోర్టల్‌లో ఈ రెండూ పోటీ పడవు. లాగిన్‌కి ముందు https దారి మూసే ఉంటుంది, అక్కణ్ణుంచి జవాబే రాదు, http మాటే గెలుస్తుంది. మీ రౌటర్‌లో మాత్రం ఎవరో గూగుల్‌ని లాగిన్‌కి ముందే వదిలేశారు. అందుకని రెండు జవాబులూ వస్తున్నాయి, ఒకదానికొకటి విరుద్ధంగా. http ముందు తేలిన ఫోన్‌కి పేజీ వస్తుంది, https ముందు తేలిన ఫోన్ నెట్ ఉందని నమ్మేసి ఊరుకుంటుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్ళీ పోటీ, ఈసారి అటు తేలొచ్చు. మీ కుర్రాడు పొద్దున్నంతా చేస్తున్నది ఇదే, పాపం.

ఐఫోన్ ఎందుకు బాగుందో కూడా ఇప్పుడు తెలుస్తుంది. అది అడిగేది ఆపిల్ వాళ్ళ captive.apple.com ని, http లో. Success అని రాసిన చిన్న పేజీ వస్తే నెట్ ఉన్నట్టు. గూగుల్‌ని వదిలినా కట్టేసినా దానికి పట్టదు. డాలస్ వేణు గారు చెప్పింది నిజమే కానీ ఇక్కడ కారణం అది కాదు.

తెల్లారి ఎందుకు ఎక్కువగా రావడం లేదంటే, ఇది నా అంచనా మాత్రమే: http కి జవాబు మీ రౌటరే కూర్చుని తయారుచేయాలి. https ని మాత్రం ఊరికే అవతలికి తోసేస్తుంది. పొద్దున్న బస్సులూ రైళ్ళూ దిగి అందరూ ఒకేసారి చేరితే రౌటర్‌కి ఊపిరాడక మొదటిది ఆలస్యమవుతుంది, రెండోది గెలుస్తుంది. రేపు ఆ టైమ్‌లో `/system resource print` కొట్టి cpu-load ఎంతుందో చూడు.

లాడ్జి_శీను · ఆదివారం, మధ్యాహ్నం 12:44

అమ్మయ్యా, కనీసం ఒక అర్థం ఉంది. గూగుల్‌ని ఎవరు వదిలారో ఎక్కడ చూడాలి?

రౌటర్_రాఘవ · ఆదివారం, మధ్యాహ్నం 12:52

విన్‌బాక్స్‌లో టెర్మినల్ తెరిచి ఈ రెండూ కొట్టు. రెండు పట్టికలు ఉంటాయి, ఒకటి పేర్లతో, ఒకటి ఐపీలతో. చాలామంది మొదటిది చూసి రెండోది మరిచిపోతారు.

```
/ip hotspot walled-garden print
/ip hotspot walled-garden ip print
```

లాడ్జి_శీను · ఆదివారం, మధ్యాహ్నం 1:30

రెండోది ఖాళీ. మొదటిదాంట్లో మా ఓటీపీ పంపే కంపెనీ పేరు ఉంది, దాని కింద `*.google.com` అని ఉంది. పెట్టినతనికి ఫోన్ చేశాను. మా పేజీలో "గూగుల్‌తో లాగిన్" అనే బటన్ ఉంది, అది పనిచేయాలంటే గూగుల్‌ని వదలాలి, అందుకే పెట్టానన్నాడు. నిజమేనా?

రౌటర్_రాఘవ · ఆదివారం, మధ్యాహ్నం 1:47

ఉద్దేశం సరైనదే, పెట్టిన తీరే మోటుగా ఉంది. గూగుల్ లాగిన్‌కి accounts.google.com లాంటివి కావాలి, ముందు నక్షత్రం పెట్టి మొత్తం వదిలితే www.google.com కూడా దాంతోపాటే వెళ్ళిపోయింది.

ఒక్కటి అడుగుతాను, ఆ బటన్ మీ దగ్గర ఎప్పుడైనా ఎవరికైనా పనిచేసిందా?

లాడ్జి_శీను · ఆదివారం, మధ్యాహ్నం 2:05

ఇప్పుడు మా ఫోన్‌లో నొక్కి చూశాను. పేజీ వచ్చినప్పుడు నొక్కితే Error 403: disallowed_useragent అంటోంది.

రౌటర్_రాఘవ · ఆదివారం, మధ్యాహ్నం 2:16

అనుకున్నాను. లాగిన్ నోటిఫికేషన్ నొక్కితే తెరుచుకునేది క్రోమ్ కాదు, ఫోన్‌లోనే ఉండే ఒక బుల్లి బ్రౌజర్. యాప్‌ల లోపల ఉండే ఇలాంటి బ్రౌజర్ల నుంచి గూగుల్ తన లాగిన్‌ని ఒప్పుకోదు, 2021 నుంచి ఇది గట్టిగా అమలవుతోంది. అంటే పనిచేయని బటన్ కోసం, పనిచేసే పేజీని చెడగొట్టుకున్నారు. బటన్ తీసేయ్, ఈ లైను కూడా.

```
/ip hotspot walled-garden remove [find dst-host="*.google.com"]
```

తీశాక మళ్ళీ ఆ రెండు curl లూ కొట్టు. మొదటిది 302 ఇవ్వాలి, రెండోది అసలు కనెక్ట్ కాకూడదు. ఓటీపీ కంపెనీ పేరు మాత్రం ముట్టుకోకు.

కీర్తన_టెక్ · ఆదివారం, మధ్యాహ్నం 2:40

రాఘవ గారూ, ఇది సరే. కానీ నా ఆఫీసు గెస్ట్ వైఫైలో Private DNS ఆఫ్ చేస్తేనే వచ్చింది, అది నేను కళ్ళారా చూశాను. దానికేమంటారు?

రౌటర్_రాఘవ · ఆదివారం, మధ్యాహ్నం 3:10

కాదనను. అది సమస్యే, కాకపోతే అందరూ అనుకునే చోట కాదు. ఆండ్రాయిడ్ ఆ పలకరింపు పంపేటప్పుడూ, లాగిన్ తెరిచే ఆ బుల్లి బ్రౌజర్‌లోనూ ప్రైవేట్ డీఎన్‌ఎస్‌ని పక్కన పెట్టి ఆ వైఫై ఇచ్చిన మామూలు డీఎన్‌ఎస్‌నే వాడుతుంది, సరిగ్గా ఈ ఇబ్బంది రాకూడదనే. కాబట్టి నోటిఫికేషన్ రావడానికి అది అడ్డు కాకూడదు. నువ్వు విసుగొచ్చి క్రోమ్ తెరిచి సైటు కొట్టావనుకో, క్రోమ్‌కి ఆ మినహాయింపు లేదు. అది నువ్వు పెట్టిన సర్వర్‌నే 853 పోర్టు మీద అడుగుతుంది, పోర్టల్ ఆ పోర్టుని మూసి ఉంచుతుంది, పేరే తేలదు, ఇక దారి మళ్ళించడానికి ఏముంటుంది. నువ్వు ఆఫ్ చేశాక పేజీ వచ్చింది క్రోమ్‌లోనా, నోటిఫికేషన్‌లోనా?

ఇంకోటి, Automatic లో ఉంటే ఈ గొడవ లేదు, కుదరకపోతే మామూలుదానికి దిగిపోతుంది. సర్వర్ పేరు చేత్తో రాసినవాళ్ళకే ఇబ్బంది.

కీర్తన_టెక్ · ఆదివారం, మధ్యాహ్నం 3:22

క్రోమ్‌లోనే అనుకుంటా... గుర్తు లేదు. కానీ కంపెనీలు ఆండ్రాయిడ్‌ని తలా ఒక రకంగా మారుస్తాయి, అన్ని ఫోన్లూ మీరు చెప్పినట్టే చేస్తాయని నేను నమ్మను.

రౌటర్_రాఘవ · ఆదివారం, మధ్యాహ్నం 3:25

అది నేనూ నమ్మను :)

గుంటూరు_గోపి · ఆదివారం, సాయంత్రం 5:48

నాకు మీ అందరికంటే పెద్ద డౌట్. పేజీ రానప్పుడు ఆ 10.5.50.1 ని నేరుగా కొట్టేస్తే పోలేదా? మా కాలేజీలో అలాగే చేసేవాళ్ళం. కొన్నాళ్ళుగా అదీ పనిచేయడం లేదు, "సైట్‌ను చేరుకోవడం కుదరలేదు" అంటుంది. వైఫై సిగ్నల్ ఫుల్‌గానే ఉంటుంది.

రౌటర్_రాఘవ · ఆదివారం, సాయంత్రం 6:30

అప్పుడు నీ మొబైల్ డేటా ఆన్‌లో ఉండి ఉంటుంది గోపీ. ఫోన్ వైఫైకి కలిసినా, ఆ వైఫైలో నెట్ ఉందని తేలేదాకా క్రోమ్ వగైరా అన్నీ మొబైల్ డేటా మీదే నడుస్తుంటాయి. నువ్వు కొట్టిన 10.5.50.1 ని నీ ఫోన్ సిమ్ దారిలో వెతుకుతుంది, అక్కడ అలాంటిది ఎక్కడుంటుంది? డేటా ఆఫ్ చేసి కొట్టు. ఎస్సెమ్మెస్‌కి డేటా అక్కర్లేదు కాబట్టి ఓటీపీకి ఇబ్బంది రాదు. కొన్ని ఫోన్లలో నెట్ లేని వైఫైలో ఉండాలా అని అడుగుతుంది, ఉండమను.

శీను లాడ్జిలో మాత్రం దీనికి తిరగబడి ఉంటుంది చూడు, తమాషా. అక్కడ పేజీ రాని ఫోన్లు వైఫైలో నెట్ ఉందని నమ్మేశాయి కాబట్టి క్రోమ్ కూడా వైఫై మీదే ఉంటుంది. http://10.5.50.1/login అని కొడితే డేటా ఆన్‌లో ఉన్నా తెరుచుకోవాలి. శీనూ, ఆ లైను ఇంకా తీయకపోతే ఒకసారి చూసి చెప్పవా, నాకూ సరదా.

లాడ్జి_శీను · ఆదివారం, రాత్రి 8:15

తీయలేదు, మావయ్య పేజీలో బటన్ తీయడానికి ఒప్పుకునేసరికి ఇంత టైమ్ పట్టింది. చూశాను. 204 గది ఆయన ఫోన్‌లో డేటా ఆన్‌లోనే ఉంది, అడ్రస్ కొట్టగానే మా పేజీ వచ్చింది! ఆయన ఓటీపీ కొట్టి వెంటనే క్రికెట్ పెట్టుకున్నాడు, థాంక్స్ కూడా చెప్పలేదు.

ఇప్పుడు ఆ లైను తీసేశాను. మొదటి curl కి 302, రెండోది కనెక్ట్ కావడం లేదు.

సుజాత_కూకట్‌పల్లి · ఆదివారం, రాత్రి 8:40

సూపర్. మా హాస్టల్ వార్డెన్‌కి ఈ థ్రెడ్ పంపాలి. మాకైతే ఇంకో రకం గొడవ. రాత్రి లాగిన్ అయి పడుకుంటాం, పొద్దున్న లేచేసరికి నెట్ ఉండదు, లాగిన్ పేజీ అడగదు. వైఫై గుర్తు మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. ఇది కూడా గూగుల్ వదిలేయడమేనా?

రౌటర్_రాఘవ · ఆదివారం, రాత్రి 9:05

కాకపోవచ్చు. రాత్రిపూట పోర్టల్ మీ సెషన్ ముగించేసి ఉంటుంది, ఆ సంగతి ఫోన్‌కి ఎవరూ చెప్పరు. ఫోన్ పరీక్ష చేసేది ముఖ్యంగా కొత్తగా కలిసినప్పుడు, నువ్వు రాత్రంతా కలిసే ఉన్నావు కాబట్టి రాత్రి వచ్చిన ఫలితాన్నే పట్టుకుని కూర్చుంటుంది. కొత్త ఆండ్రాయిడ్‌లు పేజీలు వరుసగా ఫెయిలవుతుంటే మళ్ళీ పరీక్షిస్తాయి, కానీ దానికి కాస్త సమయం పడుతుంది, ఈలోగా మనకి విసుగొస్తుంది. ఇక్కడ మాత్రం వైఫై ఆఫ్ చేసి ఆన్ చేయడమే సరైన మందు. లేదంటే neverssl.

ఒకవేళ ఆన్ చేసినా రాకపోతే, లాగిన్ కాకుండా గూగుల్ పేజీ వస్తోందేమో చూడు. వస్తే శీను కథే.

లాడ్జి_శీను · సోమవారం, ఉదయం 9:20

పొద్దున్న రష్ అయిపోయింది. ఆరున్నరకి cpu-load చూస్తే 100 ఉంది, కాసేపు దిగలేదు. అయినా పేజీ అందరికీ వచ్చింది, ఆలస్యంగానైనా వచ్చింది. కుర్రాడు టీ తాగడానికి వెళ్ళాడు, అదీ ఒక రికార్డే.

ఒక్క ఫోన్ మాత్రం మొండికేసింది. పాత షావోమీ, ఎవరో కుర్రాడిది, సాఫ్ట్‌వేర్ ఏదో మార్చుకున్నానన్నాడు. ఆశ్చర్యార్థకమూ లేదు, నోటిఫికేషనూ లేదు. అడ్రస్ కొడితే పేజీ వచ్చింది.

రౌటర్_రాఘవ · సోమవారం, ఉదయం 10:02

cpu 100 అంటే నా అంచనాకి బలం వచ్చింది గానీ, అదొక్కటే కారణమని ఇప్పటికీ అనను. రౌటర్ చిన్నదైతే అది వేరే ఖర్చు, మావయ్యతో నువ్వే మాట్లాడుకో.

ఆ ఫోన్ సంగతి రెండు రకాలుగా ఉండొచ్చు. షావోమీ సాఫ్ట్‌వేర్‌లో ఈ పలకరింపు గూగుల్‌కి కాకుండా వాళ్ళ సొంత connect.rom.miui.com కి వెళ్ళడం ఉంది, మార్చుకున్నానన్నాడు కాబట్టి ఇప్పుడు ఎటు వెళ్తోందో చెప్పలేం. లేదా అతను ఎప్పుడో ఆశ్చర్యార్థకం గుర్తు చిరాకు పెడుతోందని ఈ పరీక్షనే ఆపేసి ఉంటాడు, నెట్‌లో ఆ చిట్కా బాగా తిరుగుతుంటుంది. ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపితే తెలుస్తుంది:

```
adb shell settings get global captive_portal_mode
```

0 వస్తే పరీక్ష ఆపేసినట్టు. null గానీ 1 గానీ వస్తే ఇది కారణం కాదు.

లాడ్జి_శీను · సోమవారం, ఉదయం 10:15

కొండకి వెళ్ళిపోయాడు. రేపు ఖాళీ చేస్తాడు, అడిగి చూస్తా, ఇస్తాడో లేదో.

డాలస్_వేణు · సోమవారం, రాత్రి 7:50

ఫోన్ ఇలా గూగుల్‌నో ఆపిల్‌నో అడిగి ఊహించుకునే బదులు, వైఫైయే నేరుగా "నా లాగిన్ పేజీ ఇది" అని చెప్పే పద్ధతి ఒకటి వచ్చిందని ఎక్కడో చదివాను. మైక్రోటిక్‌లో పెట్టలేమా?

రౌటర్_రాఘవ · సోమవారం, రాత్రి 8:33

ఉంది. ఫోన్‌కి ఐపీ ఇచ్చేటప్పుడే దాంతోపాటు ఒక చిరునామా కూడా ఇస్తారు, డీహెచ్‌సీపీలో 114 నంబరు ఆప్షన్. 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8910గా వచ్చింది, ఆండ్రాయిడ్ 11, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లకి అర్థమవుతుంది. సెషన్ ఎంతసేపు మిగిలి ఉందో కూడా ఫోన్‌కి చెప్పొచ్చు, సుజాత వాళ్ళ హాస్టల్‌కి అదే మందు. మైక్రోటిక్‌లో ఆ ఆప్షన్ నంబరు చేత్తో ఇవ్వొచ్చు. చిక్కేమిటంటే ఆ చిరునామా https లోనే ఉండాలి, ఫోన్లు నమ్మే సర్టిఫికెట్‌తో. 10.5.50.1 కి అలాంటి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు. ఒక డొమైన్ కొనాలి, సర్టిఫికెట్ ఎప్పటికప్పుడు రెన్యూ చేయాలి, అది ముగిసిపోతే ఫోన్లు మళ్ళీ పాత పద్ధతికే దిగుతాయి. నీకు ఓపిక ఉంటే చేద్దాం శీనూ, లేకపోతే ఇప్పుడున్నది సరిపోతుంది.

లాడ్జి_శీను · సోమవారం, రాత్రి 9:10

డొమైన్ అంటే మావయ్య ముందు "ఏడాదికి ఎంత?" అంటాడు. అడిగి చెప్తా. ఈలోగా http://10.5.50.1/login అని పెద్ద అక్షరాలతో రిసెప్షన్‌లో అంటించాను, పక్కన "మొబైల్ డేటా ఆపండి" అని.

మాస్టారు_విజయనగరం · సోమవారం, రాత్రి 9:34

గోపీ బాబూ, స్టిక్కర్ మీద 192.168.0.1 అనే ఉంది. పేజీ వచ్చింది. ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతోంది, అది కూడా స్టిక్కర్ మీదే ఉంటుందా?